బిడ్డ పడుకున్నాక షాపు లెక్కలు: తెనాలిలో ఒక తల్లి పని ఎలా నిలబడిందో, ఒక కేస్ స్టడీ

నేను గుంటూరులో ట్యాక్స్ ప్రాక్టీస్ చేస్తాను. మా క్లయింట్లలో ఎక్కువమంది చిన్న షాపుల వాళ్లే, వాళ్ల లెక్కలు రాసేవాళ్లలో ఇంటి నుంచి పనిచేసే తల్లులు కొందరున్నారు. వాళ్లలో ఒకామె కేసు ఇది. ఊరు తెనాలి, చదువు బీకాం, పెళ్లికి ముందు ఒక ఆడిటర్ ఆఫీసులో మూడేళ్లు ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాసింది, కాన్పుతో ఉద్యోగం మానేసింది. నన్ను కలిసేనాటికి బాబుకి పదిహేడు నెలలు. ఇంట్లో పెద్దవాళ్లు లేరు, భర్త రాత్రి ఎనిమిదికి వస్తాడు. ఏదో ఒక వ్యాపారం మొదలుపెట్టాలి, కానీ బాబు మధ్యాహ్నం పడుకున్నప్పుడూ, రాత్రి పడుకున్నాకా మాత్రమే చేతులు ఖాళీ.

ఆమె రాసుకొచ్చిన చీటీలో నాలుగు ఐడియాలున్నాయి: కారప్పొడులు, బ్లౌజులు కుట్టడం, ఆన్‌లైన్ ట్యూషన్, షాపుల లెక్కలు. ఏది ఎక్కువ డబ్బు తెస్తుందని నేను అడగలేదు. మధ్యలో వదిలేసి లేస్తే ఆ పని చెడిపోతుందా, చప్పుడు చేస్తుందా, ఫలానా టైముకి నువ్వే ఉండాలని ఎవరైనా అంటారా, ఇవే అడిగాను. పొడులకి మిక్సీ కావాలి, మిక్సీ తిప్పితే పడుకున్న బిడ్డ లేస్తాడు, పొయ్యి మీద మిరపకాయలు వేగుతుండగా ఏడుపు వినిపిస్తే మూకుడంతా మాడిపోతుంది. కుట్టుమిషనుకీ చప్పుడుంది, పైగా గుండుసూదులూ కత్తెరా పాకే పిల్లాడున్న ఇంట్లో ఉండాలి, కొలతలకి వచ్చేవాళ్లు బాబు నిద్ర చూసుకుని రారు. ట్యూషన్ అంటే సాయంత్రం ఆరింటికి కెమెరా ముందు కూర్చోవాలి, సరిగ్గా అప్పుడే బాబు ఇల్లంతా తిరుగుతుంటాడు. లెక్కలకి ఈ మూడు ఇబ్బందులూ లేవు. బిల్లు ఫొటో రాత్రి పదకొండున్నరకైనా అక్కడే ఉంటుంది, ఒక ఎంట్రీ సేవ్ చేసి లేస్తే ఎంతవరకు చేశామో అంతవరకు పదిలంగా ఉంటుంది. అయితే లెక్కల పనికి గవర్నమెంటు పెట్టిన గడువులున్నాయి. ఈ కేసు నడిచిందంతా ఆ గడువుల చుట్టూనే.

మొదలుపెట్టే ముందు రెండు వారాల పాటు ఒక పని చేయమన్నాను: బాబు ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు, అందులో తనకి నిజంగా ఎంతసేపు దొరికింది, రోజూ రాసుకోమన్నాను. మధ్యాహ్నం నిద్ర గంటన్నర దాకా ఉంటుంది కానీ తను అన్నం తినాలి, బట్టలు ఆరేయాలి, చివరికి మిగిలేది యాభై నిమిషాలు, అదీ వారంలో ఐదు రోజులే. రాత్రి పదింటి నుంచి పదకొండుంపావు వరకు కుదురుతుంది, అదీ వారానికి నాలుగు రాత్రులే, మిగతా రాత్రులు బాబుతో పాటే నిద్రపోతుంది, పోవాలి కూడా. అన్నీ కలిపితే వారానికి తొమ్మిది గంటలు, నెలకి నలభైకి కాస్త అటూ ఇటూ. రోజుకి మూడు గంటలు దొరుకుతాయనుకుని షాపులు ఒప్పుకుని ఉంటే మొదటి నెలలోనే కూలిపోయేది.

నెలవారీ జీఎస్టీ రిటర్నులు వేసే ఒక షాపు తీసుకుందాం. అమ్మకాల వివరాలు, అంటే GSTR-1, వచ్చే నెల 11లోపు పోవాలి. కొన్న సరుకు మీద కట్టిన పన్ను ఎంత వెనక్కి తీసుకోవచ్చో చూపే GSTR-2B 14వ తేదీన పోర్టల్‌లో తయారవుతుంది. దాన్ని మన కొనుగోళ్లతో సరిపోల్చి, పన్ను లెక్క కట్టి, ఆ పన్ను కట్టే రిటర్ను GSTR-3B 20లోపు వేయాలి. ఆలస్యమైతే రోజుకి యాభై రూపాయల ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఫీజు చిన్నదే కావచ్చు, కానీ షాపాయన దాన్ని లెక్కలు రాసే మనిషి తప్పుగానే చూస్తాడు, చూడాలి కూడా.

ఎన్ని షాపులు తీసుకోవచ్చో తేల్చేది నెలకున్న నలభై గంటలు కాదు. 14కీ 20కీ మధ్య ఎన్ని రాత్రులు ఖాళీ అన్నదే తేలుస్తుంది. ఎంట్రీలు నెలంతా పరచుకోవచ్చు, సరిపోల్చే పని మాత్రం ఆ వారంలోకే వచ్చి కూర్చుంటుంది. ఆ వారంలో ఆమెకి మూడు, మహా అయితే నాలుగు రాత్రులు దొరుకుతాయి. ఒక షాపుకి సరిపోల్చడానికి రెండు గంటలు, అంటే ఒకటిన్నర రాత్రి. కాబట్టి నెలవారీ షాపులు రెండే. మూడోది ఒప్పుకుందంటే బాబుకి ఒక్కరోజు జ్వరం వచ్చినా ఎవరిదో ఒకరిది ఆగిపోతుంది.

అందుకని షాపుల్ని ఫీజుని బట్టి కాకుండా గడువుల్ని బట్టి ఎంచుకున్నాం. ఐదు కోట్లలోపు టర్నోవర్ ఉన్నవాళ్లు QRMP పద్ధతి ఎంచుకుంటే రిటర్ను మూడు నెలలకి ఒకసారే, GSTR-1 13లోపు, GSTR-3B ఆంధ్ర, తెలంగాణల్లో 22లోపు. మధ్యలో రెండు నెలలూ 25లోపు చలానాలో పన్ను కట్టేస్తే చాలు. కాంపోజిషన్ షాపులైతే మూడు నెలలకోసారి 18లోపు టర్నోవర్ మీద చిన్న శాతం కడతారు, కొన్న సరుకు మీద పన్ను వెనక్కి రాదు కాబట్టి సరిపోల్చడమే ఉండదు. ఆమె తీసుకున్నవి రెండు నెలవారీ షాపులు, ఒకటి పెయింట్లూ సిమెంటూ అమ్మే హార్డ్‌వేర్ షాపు, ఒకటి ఎలక్ట్రికల్ షాపు. QRMP షాపులు రెండు, ఒకటి పుస్తకాలు, ఒకటి మోటార్ స్పేర్ పార్టులు. ఐదోది కాంపోజిషన్‌లో ఉన్న కిరాణా. మెడికల్ షాపొకటి మంచి ఫీజుతో వచ్చినా వద్దన్నాం. గడువు తీరిన మందులు వెనక్కి పోతూనే ఉంటాయి, వాటి క్రెడిట్ నోట్లు ఒక్కొక్కటీ పట్టుకుని కూర్చోవాలి, యాభై నిమిషాల ముక్కల్లో చేసే పని కాదది. అమ్మకాల బిల్లులు చేత్తో రాసే షాపుల్ని కూడా తీసుకోలేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్సెల్ ఇవ్వగలిగితేనే రమ్మంది.

అయితే షాపుల దగ్గరికి ఆమె నేరుగా పోలేదు. మొదట వెళ్లింది ఆడిటర్ల దగ్గరికి. ప్రతి ఆడిటర్ ఆఫీసులోనూ ఎంట్రీలు పడని పాత నెలల బిల్లుల కట్టలుంటాయి, ఇన్‌కమ్ ట్యాక్స్ పనికి అవి కావాలి, చేసే మనిషి దొరకడు. ఆ పాత బాకీ లెక్కలకి రేపటికల్లా కావాలన్న తొందర ఉండదు. అదే ఆమెకి కావాల్సింది. రెండు నెలలు అవే చేసింది, తన వేగమెంతో తెలిసింది, బాబు లేచిపోయిన రోజు ఏమవుతుందో తెలిసింది. మొదటి రెండు షాపులూ అలా ఆడిటర్ల ద్వారానే వచ్చాయి. ఈ పని మొదలుపెట్టే ఎవరికైనా నేను ఇదే దారి చెబుతాను: ముందు గడువు లేని పని, తర్వాత గడువున్న పని.

బిల్లుల కాగితాలు ఇంటికి రాకూడదన్నది మొదటి రోజే పెట్టుకున్న నియమం. చిన్నపిల్లాడున్న ఇంట్లో ఒరిజినల్ బిల్లు చిరిగితే షాపాయనకి ఏం సమాధానం చెబుతాం? ఫైలు షాపులోనే ఉంటుంది. షాపులో కుర్రాడు రోజూ షట్టరు వేసే ముందు ఆ రోజు వచ్చిన బిల్లులు ఫోన్‌లో స్కాన్ చేసి వాట్సాప్‌లో పంపుతాడు. నాలుగు అంచులూ కనబడాలి, జీఎస్టీ నంబరూ బిల్లు నంబరూ తేదీ మొత్తం చదవగలిగేలా ఉండాలి, లేకపోతే ఆ రాత్రే తిప్పి పంపుతుంది. నెలాఖర్లో ఒకేసారి యాభై ఫొటోలు వచ్చే షాపుతో ఈ పని నడవదు, అందుకే మొదటి నెలని ట్రయల్‌గా పెట్టి, రోజూ పంపని షాపుని రెండో నెలకి కొనసాగించలేదు.

ఇక పని మధ్యలో ఆగిపోవడం గురించి. ఇంటి దగ్గర రాసే లెక్కల్లో తప్పులకి అసలు కారణం ఇదే. ఆరో బిల్లు టైపు చేస్తుండగా బాబు లేస్తాడు, ఆమె పరుగెత్తుతుంది, రాత్రికి వచ్చి కూర్చుంటే ఆరోది సేవ్ అయ్యిందో లేదో గుర్తుండదు. మళ్లీ కొడితే డబుల్ ఎంట్రీ, వదిలేస్తే ఒకటి తక్కువ. హార్డ్‌వేర్ షాపులో మొదటి నెల ఇదే జరిగింది, ఒక పైపుల బిల్లు రెండుసార్లు ఎక్కింది, సప్లయర్ స్టేట్‌మెంట్ వచ్చినప్పుడు గానీ బయటపడలేదు. బిల్లు నంబరు చివర్లో ఒకసారి 25-26 అని కొట్టి, ఇంకోసారి కొట్టకపోవడం వల్ల ట్యాలీకి అవి రెండు వేర్వేరు బిల్లులుగా కనిపించాయి.

దానికి మందు బ్యాంకుల్లో, పెద్ద ఆఫీసుల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. బిల్లుల్ని పదేసి చొప్పున ఒక కట్టగా తీసుకుంటుంది. ట్యాలీ తెరవక ముందే ఆ పది మొత్తాలూ క్యాలిక్యులేటర్‌లో కూడి నోటుబుక్‌లో రాస్తుంది, పది బిల్లులు, ₹1,86,340, అలా. తర్వాత ఎంట్రీలు చేస్తుంది. సేవ్ అయిన వెంటనే ఆ ఫొటోని ‘ఎక్కినవి’ అనే ఫోల్డర్‌లోకి మారుస్తుంది, తర్వాత ఫొటో తెరిచే ముందే, ఒక్కటి కూడా వదలకుండా. పదీ అయ్యాక ఆ ఎంట్రీల మొత్తం, నోటుబుక్‌లో మొత్తం ఒకటి కావాలి. ఒకటయితేనే తర్వాతి కట్ట. మధ్యాహ్నం యాభై నిమిషాల్లో ఒక కట్ట హాయిగా అయిపోతుంది, అందుకే పదే పెట్టాం.

మొత్తం కలవకపోతే తేడా అంకెనే చూడాలి, అదే దారి చూపిస్తుంది. తేడా సరిగ్గా ఒక బిల్లు మొత్తమే అయితే అది రెండుసార్లు ఎక్కింది, లేదా అసలు ఎక్కలేదు. తేడా తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోతే, పక్కపక్క అంకెలు తారుమారయ్యాయని మొదట అనుమానించాలి. ₹5,480 బదులు ₹4,580 కొడితే తేడా 900, తొమ్మిదితో పోతుంది. రాత్రి పదకొండు దాటాక వచ్చే తప్పుల్లో ఈ తారుమారే ఎక్కువ. ఆ టైములో ఎంట్రీలు తగ్గించి, మధ్యాహ్నం చేసిన కట్టల మొత్తాలు సరిచూసుకోవడం మాత్రం పెట్టుకోమన్నాను.

రాత్రి నిద్రమత్తులో వచ్చే ఇంకో తప్పు పన్ను రకం. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన బిల్లుకి ఐజీఎస్టీ పడాలి, మన రాష్ట్రం బిల్లుకి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ సగం సగం పడాలి. సప్లయర్ పేరు చూసి ఊహించకూడదు, జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూడాలి: ఆంధ్ర 37, తెలంగాణ 36, తమిళనాడు 33, కర్ణాటక 29, గుజరాత్ 24. ఎలక్ట్రికల్ షాపుకి ఒకే కంపెనీ సరుకు విజయవాడ గోడౌన్ నుంచీ వస్తుంది, హైదరాబాద్ నుంచీ వస్తుంది, పేరు ఒకటే, నంబర్లు రెండు. ట్యాలీలో రెండు వేర్వేరు లెడ్జర్లు పెట్టాక ఆ గొడవ పోయింది. సిమెంటు విషయంలో తేదీ కూడా చూడాల్సి వచ్చింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది కాబట్టి ఆ నెల బిల్లులు రెండు రేట్లతో ఉన్నాయి.

14 నుంచి 20 మధ్య ఇరుకుని తగ్గించే ఉపాయం ఒకటుంది, ఈ కేసులో ఎక్కువ ఉపయోగపడింది అదే. GSTR-2B కోసం 14 దాకా ఎదురుచూడక్కర్లేదు. సప్లయర్లు ఎక్కిస్తున్న బిల్లులు GSTR-2Aలో ఎప్పటికప్పుడు కనబడుతుంటాయి. 9వ తేదీ రాత్రి ఆడిటర్ ఆఫీసు నుంచి ఆ ఎక్సెల్ తెప్పించుకుంటుంది (షాపుల పోర్టల్ పాస్‌వర్డులు ఆమె దగ్గర ఉండవు, ఉండకూడదు కూడా). తన కొనుగోళ్ల లిస్టుతో పోల్చి, కనబడని బిల్లులు ఏవో రాసి షాపాయనకి వాయిస్ మెసేజ్ పెడుతుంది. సప్లయర్ గడువు 11 కాబట్టి ఇంకా టైముంది.

ఒక నెల హార్డ్‌వేర్ షాపులో ₹42,000 పెయింటు బిల్లు కనబడలేదు. దాని మీద 18 శాతం పన్ను ₹7,560. 2Bలో లేకుండా ఆ పన్ను వెనక్కి, అంటే క్రెడిట్, తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అంటే షాపాయన ఆ నెల ఆ ₹7,560 జేబులోంచి కట్టాలి, సప్లయర్ ఎక్కించాక తర్వాతి నెలల్లో సర్దుకోవాలి. 9న తెలిసింది కాబట్టి 10న ఫోన్ చేశాడు, డీలరు ఆ బిల్లుని పొరపాటున వేరే షాపు నంబరు మీద ఎక్కించాడని తేలింది, 11లోపు సరిచేశాడు. అదే 15న తెలిసుంటే ఆ నెలకి ఇంక చేయగలిగిందేమీ లేదు. అప్పటినుంచి ఆ షాపాయన ఫీజు గురించి బేరమాడలేదు. ఆమెకి కూడా సరిపోల్చే పనిలో సగం పైగా 13కే అయిపోతోంది, 14 తర్వాత మిగిలిన నాలుగైదు బిల్లులే చూసుకుంటుంది.

తన గడువులు తను ముందుకి జరిపి పెట్టుకుంది. అమ్మకాల వివరాలు 7కి ఆడిటర్‌కి పోవాలి, 3B లెక్క 17కి పోవాలి. ఫైల్ చేసేది ఆడిటర్ ఆఫీసు, పగటిపూట. దీనికి కారణం ఓటీపీ. రిటర్ను వేసేటప్పుడు ఓటీపీ షాపాయన ఫోన్‌కి పోతుంది, కొద్ది నిమిషాలే పనిచేస్తుంది, రాత్రి పదకొండుకి ఆయన్ని లేపి అడగలేం. ఇంటి నుంచి రాత్రిపూట తానే అన్నీ ఫైల్ చేస్తానని దిగినవాళ్లు ఈ ఒక్క చోటే ఇబ్బంది పడటం చూశాను.

ఫోన్ల సంగతి కూడా మొదట్లోనే తేల్చుకోవాలి. షాపుల వాళ్లకి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు బేరం తక్కువ, అప్పుడే లెక్కలు గుర్తొస్తాయి, అప్పుడే ఫోన్ చేస్తారు. సరిగ్గా బాబు నిద్ర అప్పుడే. ఒక్క ఫోన్ పావుగంట తింటే ఆ రోజు కట్ట పూర్తికాదు. “అన్నా, మధ్యాహ్నం ఫోన్ తీయలేను, వాయిస్ మెసేజ్ పెట్టండి, రాత్రికల్లా జవాబిస్తాను. మాట్లాడాల్సింది ఉంటే మంగళవారం ఎనిమిదిన్నరకి నేనే చేస్తాను” అని ఒప్పుకునేటప్పుడే చెప్పేస్తుంది. ఎనిమిదిన్నరకి భర్త ఇంట్లో ఉంటాడు, షాపు ఇంకా మూయరు. ఈ మాటకి ఒప్పుకోనివాళ్లు ఇద్దరు వెళ్లిపోయారు, పోనివ్వడమే మంచిదయింది.

జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలలు కష్టం. QRMP షాపులు రెండూ, కిరాణా కూడా అదే వారంలో వచ్చి పడతాయి. మొదటి జులైలో బాబుకి దవడ పళ్లు వస్తూ రాత్రుళ్లు పడుకోలేదు, ఆమె స్పేర్ పార్టుల షాపు పని సగంలో ఆగి, 22 ముందు రాత్రి భర్తకి సెలవు పెట్టించి పూర్తిచేయాల్సి వచ్చింది. ఆ షాపు మూడు నెలల కొనుగోళ్లనీ చివర్లో సరిపోల్చుదామని పెట్టుకోవడం దానికి కారణం. ఇప్పుడు QRMP షాపులకి కూడా ప్రతినెలా 2A చూసి పెట్టేస్తోంది. అక్టోబర్‌లో 17కే పంపింది.

డబ్బు లెక్క. నెలవారీ షాపులకి మూడేసి వేలు, QRMP షాపులకి రెండేసి వేలు, కిరాణాకి వెయ్యి. మొత్తం పదకొండు వేలు. ట్యాలీ లైసెన్సు అద్దెకి తీసుకుంది, అదీ చిల్లర ఖర్చులూ పోగా పది వేల దాకా మిగులుతుంది. దీనికి నెలకి పడుతున్నది ఇరవై ఎనిమిది గంటలు: నెలవారీ షాపుకి ఎనిమిదేసి, QRMPకి ఐదేసి, కిరాణాకి రెండు. నలభైలో మిగిలిన పన్నెండూ జ్వరాలకీ, చుట్టాలకీ, నిద్రకీ. ఆ పన్నెండు గంటలు ఖాళీగా ఉన్నాయి కదా అని ఇంకో షాపు పెట్టుకోకూడదు, అవి ఉన్నాయి కాబట్టే మిగతా ఐదూ నడుస్తున్నాయి. ఫీజు అరవై కొనుగోలు బిల్లుల వరకే, ఆపైన ప్రతి పాతికకీ ఐదు వందలు అదనం అని మొదటే రాసిచ్చింది. దసరా, దీపావళి నెలల్లో ఎలక్ట్రికల్ షాపు బిల్లులు తొంభై దాటినప్పుడు ఆ కాగితం పనికొచ్చింది. ఆమె ఆదాయం ఏడాదికి 20 లక్షలకి చాలా దూరం కాబట్టి తన పనికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ఈ పని అందరికీ కుదరదు. ట్యాలీ అసలు తెలియనివాళ్లు నేర్చుకుంటూ గడువున్న షాపు తీసుకోవడం ప్రమాదం, నేర్చుకోవడానికే ఆరు నెలల రాత్రులు పోతాయి. ట్యాలీలో డబ్బు కట్టకుండా నేర్చుకునే ఎడ్యుకేషనల్ మోడ్ ఉంది, అందులో నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి, సాధనకి అది సరిపోతుంది. అంకెలంటే తలనొప్పి అనేవాళ్లు ఇందులోకి రాకపోవడమే మేలు.

బాబుకి ఇప్పుడు రెండేళ్లు దాటాయి, మధ్యాహ్నం నిద్ర గంటకి తగ్గింది, కొన్ని రోజులు అసలు పడుకోడు. ఈ నిద్ర పూర్తిగా పోయే రోజు వస్తుంది, స్కూలు మొదలయ్యేలోపు కొన్ని నెలలు రాత్రులు మాత్రమే మిగులుతాయి. అందుకే ఎలక్ట్రికల్ షాపుని కూడా QRMPలోకి మారమని అడుగుతోంది, టర్నోవర్ ఐదు కోట్లలోపే, కానీ ఆయన దగ్గర కొనే కాంట్రాక్టర్లకి క్రెడిట్ ప్రతినెలా కనబడాలి. మధ్య నెలల్లో వాళ్ల బిల్లులు మాత్రం 13లోపు పోర్టల్‌లో IFF అనే సదుపాయంలో ఎక్కించే వీలుంది కాబట్టి వచ్చే క్వార్టర్ నుంచి మార్చడానికి షాపాయన ఒప్పుకున్నాడు. గత నెల ఇంకో షాపు వచ్చింది, శానిటరీ సామాను, మంచి ఫీజు. బాబు ప్లేస్కూలుకి వెళ్లాక చూద్దామని చెప్పి, అప్పటిదాకా చేయగల ఇంకో తల్లి నంబరు ఇచ్చింది.